ఫ్లాష్ సేల్ క్యాప్షన్: లేని కొరత చూపకుండా తొందర కలిగించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్, నారాయణపేట, నల్గొండ వైపు చీరలు అమ్మే చిన్న దుకాణాలకు, ఇంటి నుంచి వాట్సాప్‌లో అమ్మే మహిళలకు క్యాప్షన్లు రాసిపెట్టడం నా పని. ప్రతి పండుగ ముందూ ఫోనులో అవే సందేహాలు వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఉదాహరణలన్నీ చేనేత చీరలవే. ఏ ప్రశ్న కావాలంటే అది మాత్రమే చదువుకోవచ్చు.

## అమ్మకం ప్రకటించే ముందు

అందరూ "రెండే మిగిలాయి" అని రాస్తున్నారు. నేను రాయకపోతే నా దగ్గర ఎవరు కొంటారు?

ఆ మాట మొదటిసారి పనిచేస్తుంది. నేను కాదనను. చేజారిపోతుందన్న భయం ఎవరికైనా ఉంటుంది, వెంటనే ఫోను తీస్తారు. కానీ మీ కొనుగోలుదారులు ఎక్కడో దూరాన ఉన్న అపరిచితులు కారు. శనివారం "రెండే" అని చదివిన ఆమె సోమవారం క్లాక్ టవర్ దగ్గర పని చూసుకుని మీ దుకాణంలోకి వస్తుంది. అదే చీర అరలో పన్నెండు మడతలు కనిపిస్తాయి. ఆమె మిమ్మల్ని ఏమీ అడగదు. ఇంటికి వెళ్లి వదినకు చెబుతుంది. తర్వాత మీరు నిజంగానే రెండు మిగిలినప్పుడు రాసినా ఆ ఇంట్లో ఎవరూ కదలరు.

తొందర కలిగించాలంటే కారణం కావాలి, ఆ కారణాన్ని కొనేవారు సరిచూసుకోగలగాలి. అలాంటివి మూడే ఉన్నాయి: ధరకు గడువు ఉండటం, సరుకు నిజంగా లెక్కపెట్టినంతే ఉండటం, కొన్న వస్తువు ఫలానా తేదీలోపు అవసరం కావడం. మీ అమ్మకానికి ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో ముందు తేల్చుకోండి. ఒక్కటీ వర్తించకపోతే అది ఫ్లాష్ సేల్ కాదు, మామూలు తగ్గింపు. దాన్ని అలాగే ప్రకటించండి.

నా దగ్గర స్టాకు చాలా ఉంది. అప్పుడు తొందర ఎక్కడి నుంచి వస్తుంది?

ధర నుంచి వస్తుంది. చీరలు వందున్నా రూ. 1,180 అన్న ఈ ధర ఆదివారం రాత్రి వరకే అన్నది మీ నిర్ణయం. ఆ నిర్ణయానికి మీరు కట్టుబడితే అది నిజమైన గడువే. ఇక్కడ చాలామంది వదిలేసే వాక్యం ఒకటుంది: గడువు దాటాక ఏమవుతుంది? "సోమవారం నుంచి ఇవే చీరలు రూ. 1,450కి దుకాణంలో దొరుకుతాయి" అని రాయండి.

సరుకు అయిపోదని ఒప్పుకుంటే ఎవరు కొంటారని భయపడతారు. నా అనుభవంలో ఈ వాక్యం వల్లే మిగతా క్యాప్షన్‌ను నమ్ముతారు. కొనాలా వద్దా అన్నది రూ. 270 లెక్కగా మారుతుంది. అవసరం ఉన్నవారు గడువులోపు కొంటారు, లేనివారు ఊరుకుంటారు. ఊరుకున్నవారిలో కొందరు తర్వాత పూర్తి ధరకు వస్తారు, ఎందుకంటే చీర దొరుకుతుందని మీరే చెప్పారు.

చేనేతలో కొరత నిజంగానే ఉంటుంది కదా. అది చెప్పడమూ తప్పేనా?

తప్పు కాదు, చెప్పాలి. చేనేత అమ్మేవారికి ఉన్న గొప్ప వీలు అదే. మరమగ్గం సరుకు అమ్మేవారు కొరతను కల్పించుకోవాలి. మీకు అది పడుగులోనే ఉంది.

నారాయణపేట చీరల పద్ధతే చూడండి. అక్కడ ఒకే పడుగు మీద ఎనిమిది చీరల వరకు వరసగా నేస్తారు. పడుగు అయిపోయాక అదే రంగుల కలయిక మళ్లీ రావాలంటే నూలు అద్దకం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. కాబట్టి "ఈ పడుగు మీద వచ్చినవి ఎనిమిది, మా దగ్గరికి చేరినవి ఆరు" అన్న వాక్యానికి ఏ ఆశ్చర్యార్థకమూ అక్కర్లేదు. పోచంపల్లి, పుట్టపాకల ఇక్కత్‌లో దారాన్ని కట్టుకట్టి రంగు వేశాకే నేత మొదలవుతుంది కనుక, ఒకే డిజైనులో కూడా ఒక చీర అంచు గీతలు ఇంకో చీరతో అచ్చుగుద్దినట్టు కలవవు.

అయితే "ఈ పడుగు అయిపోయింది" వేరు, "ఈ డిజైను మళ్లీ రాదు" వేరు. మొదటిది మీకు తెలిసిన నిజం. రెండోది నేతగాడిని అడిగితేనే తెలుస్తుంది. ఆయన వచ్చే నెల అదే పడుగు మళ్లీ వేస్తానంటే ఆ నెల పేరే రాయండి.

ఎన్ని చీరలున్నాయని రాయాలి? లెక్క ఎలా తీయాలి?

అరలో ఉన్న సంఖ్య రాయవద్దు, అమ్మగలిగే సంఖ్య రాయండి. మొత్తం లెక్కించి అందులోంచి మూడు రకాలు తీసేయండి. ఎవరికో ఇస్తామని ముందే మాట ఇచ్చినవి, నేత లోపమో మరకో ఉన్నవి, ప్రదర్శనకు వేలాడదీసి ఎండకు రంగు తగ్గినవి. మిగిలినదే మీ సంఖ్య.

తర్వాత వాటిని విడిగా ఒక సంచిలో పెట్టండి. ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ లెక్కలు తప్పేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో "20 చీరలు" అని పెట్టి అదే అరలోంచి దుకాణానికి వచ్చినవారికీ ఇస్తే గంటలో మీ సంఖ్య అబద్ధం అవుతుంది. మీరు అబద్ధం చెప్పాలనుకోలేదు. అయినా డబ్బు పంపిన పదిహేడో మనిషికి చీర లేదని చెప్పాల్సి వస్తుంది. ఆన్‌లైన్ సంచిలోంచి కౌంటర్ మీద అమ్మితే వెంటనే పోస్టులో సంఖ్య తగ్గించాలి. అది కుదరదనుకుంటే సంఖ్య రాయకండి, గడువు మాత్రం రాయండి.

కొట్టేసి చూపించే పాత ధర ఎంత వేయాలి?

నిన్నటి వరకు మీరు నిజంగా ఆ చీరను అమ్మిన ధర. బిల్లు పుస్తకంలో ఆ ధరకు కనీసం కొన్ని బిల్లులు కనిపించాలి. వారం ముందు రూ. 1,450 నుంచి రూ. 1,900కి పెంచి, ఆపైన రూ. 1,180 చూపితే తగ్గింపు పెద్దదిగా కనిపిస్తుంది. కానీ నెల కిందట రూ. 1,450కి కొన్న ఆమె దగ్గర మీ బిల్లు ఉంటుంది. కొత్తగా వచ్చిన, ఇంతవరకు అమ్మని చీరకు పాత ధరే ఉండదు. దానికి "పరిచయ ధర రూ. 1,180, సోమవారం నుంచి రూ. 1,450" అని రాసి, సోమవారం నిజంగా ఆ ధర పెట్టండి.

చిన్న దుకాణాలకు దీనిపై చట్టమేమైనా ఉందా?

ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణ, నియంత్రణకు మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిలో పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో మొదటిదే తప్పుడు తొందర. లేని గిరాకీని, లేని కొరతను చూపి వెంటనే కొనేలా చేయడం దాని కిందికి వస్తుంది. అవి ఆన్‌లైన్ వేదికలకే కాదు, ప్రకటన ఇచ్చేవారికి, అమ్మకందారులకు కూడా వర్తిస్తాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకోటి చెబుతాయి: తక్కువ ధర చూపి పిలిచేటప్పుడు ఆ ధరకు అమ్మడానికి తగినంత సరుకు ఉండాలి, స్టాకు పరిమితమైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి.

కొనేవారు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. మీ రక్షణకు ఒక అలవాటు చేసుకోండి: అమ్మకం మొదలయ్యే ముందు సంచిలోని చీరలను తేదీ కనిపించేలా ఫోటో తీసి, లెక్క రాసిన కాగితంతో పాటు దాచండి.

## క్యాప్షన్ రాసేటప్పుడు

పూర్తి క్యాప్షన్ ఒకటి మొదటి నుంచి రాసి చూపిస్తారా?

2025 బతుకమ్మకు ముందు మహబూబ్‌నగర్‌లోని ఒక దుకాణానికి రాసినది చూపిస్తాను. ఆ ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 21న వచ్చింది. దుకాణం యజమానురాలి దగ్గర నారాయణపేట నూలు చీరలు 24 ఉన్నాయి. ఆమె ముందుగా రాసుకున్నది ఇది:

> మెగా ఫ్లాష్ సేల్!! ఈ రోజే ఆఖరు!! చివరి 5 చీరలు మాత్రమే!! ఈ ధర మళ్లీ జన్మలో రాదు!! త్వరపడండి!!

ఇందులో కొనేవారికి ఉపయోగపడే సమాచారం ఒక్కటీ లేదు. ఏ చీర, ఎంత ధర, ఎప్పటి వరకు అన్నవి లేవు. ఉన్న మూడు వాదనలూ నిజం కావు.

ఇద్దరం కూర్చుని లెక్క తీశాం. 24లో రెండు పాత ఖాతాదారులకు ఇస్తామన్నవి. ఒకదానికి అంచు దగ్గర నేత లోపం ఉంది. ఒకటి ప్రదర్శనలో వెలిసింది. మిగిలినవి 20: ఎరుపు 6, ఆకుపచ్చ 6, నీలం 5, పసుపు 3. మామూలు ధర రూ. 1,450. ఆమె తగ్గించగలనన్నది రూ. 1,180 వరకు.

తర్వాత ఆమెను ఒక ప్రశ్న అడిగాను: "అమ్మా, ఈ తగ్గింపు ఎందుకు ఇస్తున్నారు?" దసరా సరుకు వచ్చే మంగళవారం దిగుతుంది, అరలు ఖాళీ కావాలి అన్నారు. చాలాసార్లు అసలు కారణం ఇలా అమ్మేవారి నోట్లోనే ఉంటుంది, క్యాప్షన్‌లోకి మాత్రం రాదు. నేతగాడికి ఫోను చేస్తే ఎరుపు పడుగు మళ్లీ దసరా తర్వాతే మగ్గానికి ఎక్కుతుందని చెప్పాడు. అప్పుడు రాసినది ఇది:

> నారాయణపేట నూలు చీర రూ. 1,180. సెప్టెంబరు 14, ఆదివారం రాత్రి 9 గంటల వరకు.
>
> మామూలు ధర రూ. 1,450. దసరా సరుకు మంగళవారం దిగుతోంది, అరలు ఖాళీ చేస్తున్నాం.
>
> ఈ ధరకు పెట్టినవి 20 చీరలు: ఎరుపు 6, ఆకుపచ్చ 6, నీలం 5, పసుపు 3. ఎరుపు పడుగు మళ్లీ దసరా తర్వాతే వస్తుందని నేతగారు చెప్పారు.
>
> ఆదివారంలోపు తీసుకుంటే ఎంగిలిపూల నాటికి జాకెట్టు కుట్టించుకోవడానికి వారం ఉంటుంది.
>
> సోమవారం నుంచి మిగిలినవి రూ. 1,450కి దుకాణంలో ఉంటాయి. డబ్బు అందిన వరుసలో చీర ఇస్తాం.

సెప్టెంబరు 13, శనివారం ఉదయం 10 గంటలకు పెట్టాం. ఆదివారం రాత్రికి 14 అమ్ముడుపోయాయి. ఆరు మిగిలాయి, వాటిలో ఎరుపు లేదు. సోమవారం ఉదయం ఆ ఆరింటికీ రూ. 1,450 చీటీ మళ్లీ అతికించారు. ఆ వారంలోనే ఇద్దరు వచ్చి పూర్తి ధరకు తీసుకెళ్లారు. 20కి 20 పోకపోవడం ఆమెకు కొంచెం బాధ కలిగించింది. నాకు మాత్రం చీటీ మార్చిన ఆ సోమవారం ఉదయమే ముఖ్యం. వచ్చే అమ్మకంలో గడువు రాస్తే నమ్మేది దాన్ని చూసినవారే.

"ఈ రోజే", "ఇంకా మూడు గంటలే" అని రాయవచ్చా?

రాయకండి. రాసిన క్షణంలో అది నిజమే. కానీ వాట్సాప్ స్టేటస్ 24 గంటలు ఉంటుంది. సాయంత్రం 6 గంటలకు "ఇంకా మూడు గంటలే" అని పెడితే మరుసటి రోజు మధ్యాహ్నం చూసినవారికీ మూడు గంటలే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు ఇంకా పాతబడ్డాక కూడా కళ్లముందుకు వస్తుంది. ఇక పోస్టర్ బొమ్మను ఎవరైనా బంధువుల గ్రూపులో వేస్తే అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

తేదీ, వారం, గంట మూడూ రాయండి: "సెప్టెంబరు 14, ఆదివారం రాత్రి 9 వరకు". క్యాప్షన్‌లోనే కాదు, బొమ్మ మీద కూడా రాయాలి, ఎందుకంటే బొమ్మను పంపేటప్పుడు క్యాప్షన్ ఊడిపోవచ్చు. "12 వరకు" అని మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు. అది పగలో రాత్రో, ఏ తేదీ అర్ధరాత్రో తేలక గొడవ వస్తుంది. రాత్రి 9 అంటే ఎవరికీ అనుమానం రాదు, మీరు కూడా మేలుకుని ఉంటారు.

గంటలు తగ్గుతూ కనిపించాలంటే ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో కౌంట్‌డౌన్ స్టిక్కర్ పెట్టండి. అది ఎప్పుడు చూసినా సరైన సమయమే చూపుతుంది.

మొదటి లైనులో ఏముండాలి?

వస్తువు, ధర, గడువు. ఇన్‌స్టాగ్రామ్ పొడవైన క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు లైన్లు చూపి మిగతాది మడిచేస్తుంది. అక్కడ "శుభవార్త శుభవార్త" అని రాస్తే ఆ చోటంతా వృథా.

పండుగను గడువుగా వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కానీ పండుగ రోజును కాదు. చీర కొన్నాక జరగాల్సిన పనుల నుంచి వెనక్కి లెక్కించండి. ఫాల్ వేయించాలి, పీకో చేయించాలి, జాకెట్టు కుట్టించాలి. బతుకమ్మ ముందు దర్జీల దగ్గర రద్దీ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు, చివరి రోజుల్లో కొత్త గుడ్డ తీసుకోరు. మీ వీధిలోని దర్జీని అడగండి: "ఏ రోజు వరకు తీసుకుంటారు?" ఆయన చెప్పిన తేదీయే మీ క్యాప్షన్‌కు నిజమైన గడువు. దాన్ని రాస్తే మీరు తొందరపెడుతున్నట్టు ఉండదు, గుర్తుచేస్తున్నట్టు ఉంటుంది.

బయటి ఊళ్లకు పంపేవారు కొరియర్ రోజులను కూడా కలపాలి. గద్వాల నుంచి హైదరాబాద్‌కు పట్టే సమయం, బెంగళూరుకు పట్టే సమయం ఒకటి కావు. రెండింటికీ ఒకే తేదీ పెట్టకుండా, దూరపు ఊరి తేదీని ముందుగా, విడిగా రాయండి. కొరియర్ వారు హామీ ఇవ్వని తేదీకి మీరు హామీ ఇవ్వకండి.

నేతగాడి కష్టం గురించి రాస్తే త్వరగా కొంటారు కదా?

చీర ఎలా తయారైందో రాయండి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపి నేయడం ఎంత ఓర్పుతో కూడిన పనో రాస్తే చదివేవారికి ధర ఎందుకంతో అర్థమవుతుంది. కానీ "మీరు ఈ రోజు కొనకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అని రాయడం నాకు అస్సలు సమ్మతం కాదు. కొనకపోవడాన్ని తప్పుగా చూపి సిగ్గుపడేలా చేయడం కూడా 2023 మార్గదర్శకాల్లో మోసపు పద్ధతిగానే ఉంది. అంతకన్నా పెద్ద సంగతి, ఆ నేతగాడు కూలి తీసుకుని గౌరవంగా పని చేసిన మనిషి. ఆయన పేదరికాన్ని మీ తగ్గింపు ప్రకటనకు వాడే హక్కు మీకు లేదు. తగ్గింపు మీ లాభంలోంచి ఇస్తున్నారా, ఆయన కూలిలోంచా అన్నది కూడా ఆలోచించండి.

"ఆఖరి అవకాశం", "త్వరపడండి" లాంటి మాటలు పూర్తిగా మానేయాలా?

"త్వరపడండి" అబద్ధం కాదు, కానీ పక్కన గడువు ఉంటే దాని అవసరం ఉండదు. "ఆఖరి అవకాశం", "మళ్లీ రాదు" అన్నవి మీరు భవిష్యత్తు గురించి ఇస్తున్న మాట. దీపావళికి మళ్లీ తగ్గిస్తారేమో మీకే తెలియదు కాబట్టి "దసరాకు ముందు ఈ చీరలపై ఇంకో తగ్గింపు లేదు" అన్నంత వరకే రాయండి, దాన్ని పాటించండి. "ఇప్పటికే వందల మంది కొన్నారు" అన్నది బిల్లులు చూపలేకపోతే తీసేయాలి.

## అమ్మకం నడుస్తుండగా

"ఎరుపు ఒకటే మిగిలింది" అని మధ్యలో పెట్టవచ్చా?

నిజంగా ఒకటే ఉంటే తప్పకుండా పెట్టండి. ఇంతకన్నా బలమైన తొందర ఇంకేదీ లేదు. రెండు జాగ్రత్తలు తీసుకోండి. లెక్కించిన సమయం పక్కనే రాయండి: "శనివారం సాయంత్రం 4 గంటలకు: ఎరుపు 1, ఆకుపచ్చ 4, నీలం 5, పసుపు 2." బాగా ఉన్న రంగుల సంఖ్య కూడా రాయాలి. తక్కువ ఉన్నదాన్ని మాత్రమే చూపితే మొత్తం సరుకు అయిపోతోందన్న భ్రమ కలుగుతుంది.

ఆ ఒక్కటీ అమ్ముడుపోగానే పాత స్టేటస్ తీసేసి కొత్తది పెట్టండి. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల్లోపు మాత్రమే సరిదిద్దగలం. అది దాటితే "ఎరుపు పూర్తిగా అమ్ముడుపోయింది" అని ఇంకో సందేశం పంపడమే మార్గం. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌ను ఎప్పుడైనా మార్చవచ్చు కాబట్టి అక్కడ సంఖ్య తాజాగా ఉంచడం తేలిక.

"నాకు పెట్టండి" అని మెసేజ్ చేసి డబ్బు పంపనివారి చీరను అమ్మినట్టు లెక్కించాలా?

లెక్కించవద్దు. అలాంటివి నాలుగు పోగైతే మీ "ఒకటే మిగిలింది" నిజానికి ఐదు. క్యాప్షన్‌లోనే "డబ్బు అందిన వరుసలో" అని రాయండి. ఎవరికైనా చీర పక్కన పెడితే ఎంతసేపో చెప్పండి: "అక్కా, 30 నిమిషాలు ఉంచుతాను, 5:10 వరకు." ఆ సమయం దాటితే మరోసారి చెప్పి, తిరిగి సంచిలో పెట్టి, "ఒక ఎరుపు చీర తిరిగి అందుబాటులోకి వచ్చింది" అని ప్రకటించండి. తిరిగి వచ్చిందని చెప్పడానికి మొహమాటపడకండి. అది చూసినవారికి మీ లెక్క నిజమైనదని తెలుస్తుంది.

సగం కూడా అమ్మలేదు. ఒక రోజు పొడిగించవచ్చా?

అమ్మలేదన్న కారణంతో పొడిగించవద్దు. ఆదివారం రాత్రి గడువని నమ్మి, నెల చివర చేతిలో డబ్బు లేకున్నా సర్దుకుని కొన్న మనిషి ఒకరుంటారు. సోమవారం "ప్రజల కోరికపై పొడిగించాం" అని చూస్తే ఆమె తొందరపడినందుకు తననే నిందించుకుంటుంది. మళ్లీసారి మీ గడువును పట్టించుకోదు. పైగా ఎవరూ కోరకపోతే ఆ "ప్రజల కోరిక" ఇంకో అబద్ధం.

మీ అదుపులో లేని ఆటంకం వస్తే వేరు. ఆదివారం సాయంత్రం రెండు గంటలు డబ్బు చెల్లింపులు ఆగిపోయాయనుకోండి. అప్పుడు ఆ రెండు గంటలే పొడిగించి కారణం రాయండి: "సాయంత్రం 6 నుంచి 8 వరకు చెల్లింపులు పనిచేయలేదు. అందుకే గడువు రాత్రి 11 వరకు మార్చాం." పోయిన సమయానికి మించి కలపాలంటే కారణం చాలదు.

అమ్మకాలు తగ్గినట్టు శనివారం రాత్రే తెలిస్తే గడువు ముట్టుకోకుండా వివరం పెంచండి. కొంగు దగ్గరి ఫోటో, కట్టుకున్న ఫోటో, పగటి వెలుతురులో రంగు. చాలాసార్లు కొనకపోవడానికి కారణం తొందర లేకపోవడం కాదు, చీర సరిగ్గా కనిపించకపోవడం.

అరగంటలో అన్నీ పోయాయి. గోదాములో ఉన్న ఇంకో పది తెచ్చి పెట్టనా?

"20 చీరలే" అని రాసి ఉంటే పెట్టకండి. ఆ పది గోదాములో ఉన్నాయని మీకు మొదటే తెలుసు కాబట్టి అప్పుడు 20 అన్న సంఖ్యే కల్పన అవుతుంది. అందుకే "ఈ ధరకు పెట్టినవి 20" అని రాయమంటాను. దుకాణంలో ఇంకా ఉన్నాయని దాచడం లేదు, ఈ ధరకు ఇచ్చేవి ఇన్నేనని చెబుతున్నారు. మిగతా పదిని మామూలు ధరకు చూపండి.

## గడువు ముగిశాక

గడువు దాటిన పది నిమిషాలకు పాత ఖాతాదారు అడిగారు. ఇవ్వాలా?

గడువులోపు మెసేజ్ చేసి మీ జవాబు కోసం ఆగి ఉంటే ఇవ్వండి, ఆలస్యం మీది. గడువు దాటాక అడిగితే ఇవ్వవద్దు. "అమ్మా, ఆ ధర తొమ్మిదికి ముగిసింది. చీర ఉంది, ఇప్పుడు రూ. 1,450. వచ్చే అమ్మకం ముందు మీకు తప్పక చెబుతాను" అని మర్యాదగా రాయండి. ఇది చెప్పడం నిజంగా కష్టం, ముఖ్యంగా రోజూ ఎదురుపడే మనిషికి. కానీ ఒకరికి ఇస్తే ఆ సంగతి ఊళ్లో దాగదు.

మిగిలిన చీరలను మళ్లీ ఎప్పుడు తగ్గింపులో పెట్టవచ్చు?

మామూలు ధరకు అవి నిజంగా కొన్ని వారాలు అమ్మకానికి ఉన్నాక. ప్రతి శనివారం ఫ్లాష్ సేల్ పెడితే రూ. 1,180 మీ అసలు ధర అయిపోతుంది, కొట్టేసి చూపే రూ. 1,450 ఉత్త బొమ్మగా మిగులుతుంది. అత్యవసరంగా ఇంకా తగ్గించాల్సి వస్తే, ఈ మధ్యే ఎక్కువ ధరకు కొన్నవారికి తేడా తిరిగి ఇవ్వండి. పద్నాలుగు మందికి తలా వంద రూపాయలు వెనక్కి పంపడం మీరు భరించగలిగే ఖర్చేనా అని ముందే లెక్క వేసుకుంటే, రెండో తగ్గింపు అవసరమా కాదా అన్నది కూడా తేలుతుంది.

అమ్మకం ముగిసింది, కానీ పోస్టర్ ఇంకా గ్రూపుల్లో తిరుగుతోంది. ఏం చేయాలి?

మీరు పెట్టిన చోట్ల మీరే మూసేయండి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ మొదటి లైనును "ఈ అమ్మకం సెప్టెంబరు 14న ముగిసింది" అని మార్చండి. పోస్టు తీసేయడం కన్నా ఇది మేలు, ఎందుకంటే చెప్పిన గడువుకే ముగించారని తర్వాత వచ్చినవారికి కనిపిస్తుంది. ఇతరులు పంచుకున్నది మీ చేతిలో లేదు. బొమ్మ మీద తేదీ ఉంటే అదే జవాబు చెబుతుంది. తేదీ వేయడం మరిచిపోయి ఉంటే, ఆ పాత పోస్టర్ పట్టుకుని వచ్చిన మొదటి కొద్దిమందికి ఆ ధరకే ఇవ్వండి, తప్పు వారిది కాదు. తర్వాతి పోస్టర్ అచ్చువేసే ముందు తేదీ కోసం ఖాళీ చోటు ముందుగా గీసి పెట్టుకోండి.